డిఎంఎల్‌టి మైక్రోబయాలజీ వైవా: స్టెరిలైజేషన్, కల్చర్ మీడియా

టేబుల్ మీదున్న వస్తువు చూపించే ఎగ్జామినర్ ప్రశ్న మొదలుపెడతారు. మొదటి జవాబు ఒక్క వాక్యంలో చెప్పండి, వివరాలు అడిగితే చెప్పొచ్చు.

ప్ర: స్టెరిలైజేషన్‌కీ డిసిన్ఫెక్షన్‌కీ తేడా?
జ: స్టెరిలైజేషన్‌లో స్పోర్లతో సహా సూక్ష్మజీవులన్నీ పోతాయి. డిసిన్ఫెక్షన్‌లో రోగకారక క్రిములు పోతాయి, స్పోర్లు మిగలొచ్చు.

ప్ర: ఆటోక్లేవ్ ఎంతలో పెడతావు?
జ: 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల ప్రెషర్, 15 నిమిషాలు. టైమ్ లెక్క 121కి చేరాకే మొదలవుతుంది.

ప్ర: క్రిముల్ని చంపేది ప్రెషరేనా?
జ: కాదు సార్, ఆవిరి వేడి. ప్రెషర్ వల్ల నీరు 100 దాటాక మరుగుతుంది, ప్రెషర్ కుక్కర్‌లో లాగే. (ఇక్కడే చాలామంది తడబడతారు.)

ప్ర: ముందు లోపలి గాలి ఎందుకు వదలాలి?
జ: గాలి మిగిలితే గేజ్ 15 పౌండ్లు చూపించినా లోపల వేడి 121కి చేరదు. అందుకే ఆవిరి ఆగకుండా ధారగా వచ్చాకే వాల్వ్ మూయాలి.

ప్ర: టేప్ మీద నల్ల గీతలు వచ్చాయి. స్టెరైల్ అయినట్టేనా?
జ: వేడి తగిలిందని మాత్రమే అర్థం. ఖాయంగా తెలియాలంటే జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ స్పోర్ స్ట్రిప్ పెట్టి, తర్వాత దాన్ని కల్చర్ చేసి పెరుగుదల లేదని చూడాలి.

ప్ర: హాట్ ఎయిర్ ఓవెన్‌లో మీడియా పెట్టొచ్చా?
జ: పెట్టకూడదు, నీరంతా ఆవిరైపోతుంది. గాజు పెట్రీ డిష్‌లు, పిపెట్లు, నూనెలు, పౌడర్లు 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పెడతాం. అయిపోగానే తలుపు తీస్తే గాజు పగులుతుంది.

ప్ర: సీరం?
జ: వేడికి పాడవుతుంది. 0.22 మైక్రాన్ల మెంబ్రేన్ ఫిల్టర్‌తో వడకడతాం.

ప్ర: ఎల్‌జె మీడియంలో అగార్ ఎంత?
జ: అసలు ఉండదు. గట్టిపడేది గుడ్డు వల్ల. అందుకే ఇన్‌స్పిసేటర్‌లో 80–85 డిగ్రీల దగ్గర, రోజుకు అరగంట చొప్పున వరసగా 3 రోజులు పెడతాం. ఆ పచ్చ రంగు మాలకైట్ గ్రీన్‌ది, అది ఇతర బాక్టీరియాను ఆపుతుంది.

ప్ర: జెలటిన్ ఉండగా అగార్ ఎందుకు?
జ: జెలటిన్ 37 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కొన్ని బాక్టీరియా దాన్ని జీర్ణం చేసుకుంటాయి కూడా. అగార్ సుమారు 95 దగ్గర కరిగి, 42 దగ్గర గడ్డకడుతుంది. కోచ్ ల్యాబ్‌కి ఇది ఫానీ హెస్సే సలహా వల్ల వచ్చింది.

ప్ర: బ్లడ్ అగార్‌లో రక్తం ఎప్పుడు కలుపుతావు?
జ: ఆటోక్లేవ్ చేసిన అగార్ 45–50 డిగ్రీలకు చల్లారాక, 5 నుంచి 10 శాతం. ఇంకా వేడిగా ఉంటే ఎర్ర కణాలు పగిలిపోతాయి. కావాలనే 75–80 దగ్గర వేడి చేస్తే చాక్లెట్ అగార్. పేరు రంగును బట్టే, చాక్లెట్ ఉండదు.

ప్ర: ఈ గులాబీ ప్లేట్ ఏంటి? సెలెక్టివా, డిఫరెన్షియలా?
జ: మెకాంకీ అగార్, రెండూనూ. బైల్ సాల్ట్స్ చాలా గ్రామ్ పాజిటివ్‌లను ఆపుతాయి, అది సెలెక్టివ్. ఇ. కోలై లాక్టోజ్‌ని పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, దాంతో న్యూట్రల్ రెడ్ వల్ల కాలనీలు గులాబీగా వస్తాయి. సాల్మొనెల్లా, షిగెల్లా కాలనీలకు రంగుండదు. అది డిఫరెన్షియల్.

ప్ర: పోసిన ప్లేట్లు స్టెరైలేనని ఎలా చెప్తావు?
జ: ఒకటి రెండు ప్లేట్లను ఏమీ ఇనాక్యులేట్ చేయకుండా 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. కాలనీ కనిపిస్తే ఆ బ్యాచ్ వాడం.