పదో తరగతి సైన్స్: నిశ్చితం–కారణం, కేస్ స్టడీ

1, 2 ప్రశ్నలకు సమాధానం ఎంచుకోండి.
అ) రెండూ సరైనవి, R అనేది Aకు సరైన వివరణ
ఆ) రెండూ సరైనవి, R వివరణ కాదు
ఇ) A సరైనది, R తప్పు
ఈ) A తప్పు, R సరైనది

1. A: కొత్తపట్నం తీరంలో ఇనుప గేట్లు త్వరగా తుప్పు పడతాయి.
R: తుప్పు పట్టడానికి ఆక్సిజన్ అవసరం లేదు.

2. A: ఇంట్లో పరికరాలను సమాంతరంగా కలుపుతారు.
R: సమాంతర సంధానంలో అన్నిటికీ ఒకే వోల్టేజి అందుతుంది.

3. కేస్ స్టడీ (5 మార్కులు)
నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల చెరువు. నీళ్లు శైవలాలతో చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. రాత్రి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. తెల్లవారేసరికి రొయ్యలు నీటిపైకి తేలాయి. ముందురోజు pH ఉదయం 7.6, సాయంత్రం 8.8.

i) శైవలాలు ఆక్సిజన్ ఇస్తాయి కదా, మరి తెల్లవారుజామున కొరత ఎందుకు? (2)
ii) సాయంత్రానికి pH ఎందుకు పెరిగింది? (2)
iii) 750 W ఏరియేటర్ 8 గంటలు తిరిగితే ఎన్ని యూనిట్లు? (1)

జవాబులు: 1-ఇ. 2-అ. 3. i) రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, శైవలాలు కూడా శ్వాసక్రియకు ఆక్సిజన్ వాడుకుంటాయి (ఈ రెండో మాట రాయక చాలామంది మార్కు పోగొట్టుకుంటారు). ii) పగలు శైవలాలు CO₂ తీసుకోవడంతో నీటిలో కార్బానిక్ ఆమ్లం తగ్గింది. iii) 6.