మన 12 వంట వీడియోల్లో కట్లు ఎక్కడ పడ్డాయి: షాట్ల నిడివి లెక్క

అక్కా, బావగారూ,

పోయిన నెల కూర్చున్నప్పుడు "వీడియో నెమ్మదిగా ఉంది, కట్లు పెంచు" అన్నారు కదా. నాకూ అలాగే అనిపించింది. కానీ అనిపించడం మీద ఎడిటింగ్ మార్చడం ఇష్టం లేక రెండు రాత్రులు లెక్క వేశాను. మనం అనుకున్నది సగమే నిజమని తేలింది.

బాగా ఆడినవి 6, ఆడనివి 6 తీసుకున్నాను. వ్యూస్ చూసి కాదు. ఆవకాయ వీడియోకి వేసవిలో వ్యూస్ వాటంతట అవే వస్తాయి, అందులో నా ఎడిటింగ్ గొప్పేమీ లేదు. అందుకే యూట్యూబ్ స్టూడియోలో సగటున వీడియోలో ఎంత శాతం చూశారన్న అంకె పట్టుకున్నాను. 45 శాతం దాటినవి ఒక పక్క, 32 లోపువి ఇంకో పక్క. అన్నీ 7 నుంచి 10 నిమిషాలవే. షార్ట్స్ కలపలేదు.

షాట్లు విడదీయడానికి పైసీన్‌డిటెక్ట్ అనే ప్రోగ్రామ్ వాడాను. పేరులో సీన్ అని ఉన్నా అది పట్టుకునేది షాట్‌నే, అంటే ఒక కట్ నుంచి ఇంకో కట్ దాకా ఉన్న ముక్కనే. అందులో detect-content అనే పద్ధతి పక్కపక్క ఫ్రేముల రంగు, వెలుతురు ఎంత మారిందో చూసి, హఠాత్తుగా మారిన చోట కట్ ఉందంటుంది. మొదట దానికి గుత్తి వంకాయ వీడియో ఇస్తే 141 షాట్లు చెప్పింది. నేను అన్ని కట్లు వేయలేదే అని ఫ్రేములు తీసి చూస్తే నవ్వొచ్చింది. తాలింపు చిటపటలాడి ఆవిరి లేచిన ప్రతిసారీ, మూకుడు మూత తీసిన ప్రతిసారీ దానికి కొత్త షాట్‌లా కనిపించింది! అందుకని చుట్టుపక్కల ఫ్రేములతో పోల్చి చూసే పద్ధతికి మారాను. 0.6 సెకన్ల కన్నా చిన్న షాట్లను అది మామూలుగా విడిగా లెక్కపెట్టదు, ఆ హద్దును 0.3కి దించాను.

```
scenedetect -i vankaya.mp4 -m 0.3s detect-adaptive list-scenes -s
```

ఇప్పుడు 94 వచ్చాయి. అందులో 3 దొంగ కట్లు తీసేశాను. అక్క ఒకేచోట నిలబడి మాట్లాడుతుంటే మధ్యలో తడబాట్లు కోసేస్తాను కదా, వెనక గోడ, చీర రంగు ఏమీ మారవు కాబట్టి అలాంటివి 9 దానికి దొరకలేదు. అవి చేత్తో కలిపితే సరిగ్గా 100. మిగతా 11 వీడియోలూ ఇలాగే ఒకసారి కంటితో చూసి సరిచేశాను. ఈ పని వదిలేస్తే మాత్రం లెక్క నమ్మొద్దు. మన వంటగదిలో ఆవిరి ఎక్కువ.

అలా సరిచేసిన CSV మీద మిగతా పని చిన్నదే:

```python
import pandas as pd
d = pd.read_csv("vankaya-Scenes.csv")
n = d["Length (seconds)"]
print(len(n), n.mean(), n.median(), n.max())
print((d["Start Time (seconds)"] < 30).sum())
```

ముందు రెండు వీడియోలు పక్కపక్కన చూడండి.

| | గుత్తి వంకాయ | ఉలవచారు |
|---|---|---|
| నిడివి | 8:12 | 9:04 |
| షాట్లు | 100 | 102 |
| సగటు షాట్ (సెకన్లు) | 4.9 | 5.3 |
| మధ్య విలువ (సెకన్లు) | 3.1 | 4.7 |
| మొదటి 30 సెకన్లలో షాట్లు | 11 | 4 |
| 30వ సెకనుకు మిగిలినవాళ్లు | 76% | 54% |

షాట్ల సంఖ్య దాదాపు ఒకటే, సగటూ దగ్గరదగ్గరే. సగటు ఒక్కటే చూసి ఉంటే "తేడా ఏం లేదు" అని లెక్క మూసేసేవాణ్ణి. షాట్ల సగటు నిడివి సినిమాల మీద పనిచేసేవాళ్లకు పాత కొలతే, బ్యారీ సాల్ట్ 1974లోనే దాంతో సినిమాలను పోల్చాడు. కాకపోతే నాలుగైదు పొడుగాటి షాట్లు పడితే సగటు వాటివైపు లాగేస్తుంది. అందుకే మధ్య విలువ కూడా వేశాను. అన్ని షాట్లనూ చిన్నదాని నుంచి పెద్దదాకా వరస పెడితే నడుమ నిలిచేది అది. వంకాయలో సగం షాట్లు 3 సెకన్ల చుట్టుపక్కల, అంతకన్నా చిన్నవి. వాటి మధ్య కొన్ని బాగా పొడుగైనవి. ఉలవచారులో దాదాపు అన్నీ ఒకే కొలతవి, మెట్రోనోమ్ కొట్టినట్టు. మిగతా పదింటిలో ఎనిమిది ఇదే దారిలో ఉన్నాయి.

మొదటి అరనిమిషం దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఉలవచారులో 6 సెకన్లు లోగో, 17 సెకన్లు అక్క నమస్కారం, ఉలవలు ఎందుకు మంచివన్న మాటలు, ఆ పైన గిన్నె రెండు షాట్లు. లోగో పెట్టింది నేనే, ఆ తప్పు నాది. వంకాయలో మొదటి షాటే నూనెలో వంకాయ తిరగబడటం.

రెండు వీడియోల్లోనూ అరనిమిషం షాట్ ఒకటుంది. వంకాయలో 31 సెకన్లు. తొడిమ వదలకుండా నాలుగు చీలికలు చేసి, వేలితో విప్పి, మసాలా కూరి, మళ్లీ మూసి అరచేతిలో నొక్కడం. ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే రిటెన్షన్ గీత అక్కడ కదల్లేదు. ఉలవచారులో 29 సెకన్లు. కుక్కర్ మూత పెట్టి ఉంది, ఎన్ని విజిల్స్ రావాలో అక్క చెబుతోంది. గీత మెట్లు దిగినట్టు దిగింది. పొడుగ్గా ఉండటం వల్ల కాదు, అక్కడ చూడటానికి ఏమీ మారకపోవడం వల్ల అని నా నమ్మకం.

దీనికి గట్టి సాక్ష్యం ఆత్రేయపురం పూతరేకుల వీడియో. అందులో ఒక షాట్ 110 సెకన్లు. బోర్లించిన కుండ, కింద మంట, పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే కుండ మీద పొర, క్షణాల్లో అది కాగితంలా లేచి రావడం. నేను దాన్ని కోద్దామనుకుంటే బావగారు వద్దన్నారు. మంచి పని చేశారు. జనం అక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చూశారు, గీత పైకి లేచింది.

దారి తప్పిన రెండింటిలో ఇదొకటి. రెండోది 'అయిదు నిమిషాల్లో ఉప్మా'. మొదటి 30 సెకన్లలో 16 షాట్లు, మధ్య విలువ 1.8. అన్నిటికంటే వేగం దాంట్లోనే. అయినా 28 శాతమే. ఒకే గిన్నెను పైనుంచి, పక్కనుంచి, దగ్గరగా తిప్పి తిప్పి చూపించాను. కట్ పడింది గానీ కొత్త విషయం రాలేదు.

12 వీడియోలతో ఇది రుజువైపోయిందని అనను. వంటకం, థంబ్‌నెయిల్, ఎప్పుడు పెట్టామన్నది కూడా కలిసే ఉంటాయి. పోనీ ఒక చిన్న పరీక్ష పెడదాం. యూట్యూబ్ ఎడిటర్‌లోనే ఉలవచారు మొదటి 23 సెకన్లు కత్తిరిస్తాను. లింకు, వ్యూస్ అలాగే ఉంటాయి. అక్కా, నీ నమస్కారం పోతుంది, కోప్పడకు. కత్తిరించిన రోజు రాసిపెట్టుకుని, ముందు 28 రోజులు, తర్వాత 28 రోజులు విడివిడిగా చూస్తాను.

బావగారూ, మీకు ఒక మాట. ఆడని ఆరింటిలో నాలుగు, ట్రైపాడ్ ఒకేచోట పెట్టి తీసినవి. కోద్దామన్నా పక్కన పెట్టడానికి నా దగ్గర ఇంకో షాట్ లేదు. ఎడిటింగ్ నెమ్మది అనుకున్నదాంట్లో చాలావరకు ఇదే. శనివారం చేపల పులుసుకి రెండో ఫోన్ పొయ్యి పక్కనే, చేతుల ఎత్తున పెట్టండి. ముక్కలు వేసేటప్పుడు, పులుసు మరిగి నూనె పైకి తేలేటప్పుడు అది ఆపకుండా నడవాలి. లెన్స్ తుడవడానికి పొడి గుడ్డ కూడా దగ్గర ఉంచుకోండి.