విషయం: ఆఫర్ లెటర్‌లో ఫిక్స్‌డ్ జీతం, హోదా గురించి వివరణ కోరుతూ

మేడమ్, నమస్కారం.

నిన్న సాయంత్రం మీరు పంపిన ఆఫర్ లెటర్ అందింది. ఇంత త్వరగా పంపినందుకు ధన్యవాదాలు. ఈ టీమ్‌లో చేరాలన్న ఆసక్తి నాకు అలాగే ఉంది. లెటర్ పూర్తిగా చదివాక మాత్రం, మంగళవారం ఫోన్‌లో మనం అనుకున్నదానికీ ఇందులో ఉన్నదానికీ రెండు చోట్ల తేడా కనిపించింది. సంతకం పెట్టే ముందే అడగడం మంచిదని రాస్తున్నాను.

మొదటిది జీతం. ఏడాదికి 14.40 లక్షలు ఫిక్స్‌డ్ అని, అంటే నెలకు 1,20,000 గ్రాస్ అని ఆ రోజు మీరు చెప్పారు. వేరియబుల్ ఏమైనా ఉంటుందా అని నేను అడిగితే, ఈ స్థాయిలో ఉండదని మేనేజర్ గారు కూడా అదే కాల్‌లో అన్నారు. లెటర్‌లో మొత్తం అంకె 14.40 లక్షలే ఉంది. కానీ జీతం వివరాల పట్టికలో ఫిక్స్‌డ్ 12.60 లక్షలు, వేరియబుల్ 1.80 లక్షలు అని విడదీశారు. దాని ప్రకారం నెలకు గ్రాస్ 1,05,000 అవుతుంది. మిగతాది ఏడాది చివర్లో, కంపెనీ ఫలితాలను బట్టి, అప్పటికి నేను ఉద్యోగంలో ఉంటేనే వస్తుందని కింద షరతు ఉంది. సీటీసీ మారలేదు కదా అని మీకు అనిపించవచ్చు. నెలనెలా కచ్చితంగా వచ్చే గ్రాస్ జీతం లెక్కన చూస్తే నాకు 15,000 తేడా. ఇంటి ఖర్చులు, లోన్ కిస్తీలు ఫిక్స్‌డ్ జీతాన్ని చూసుకునే ప్లాన్ చేసుకుంటాం కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు.

రెండోది హోదా. ఇంటర్వ్యూలన్నీ సీనియర్ అనలిస్ట్ పోస్ట్‌కే జరిగాయి. ఇద్దరు జూనియర్ల పని చూసుకోవాలని చివరి రౌండ్‌లో చెప్పారు. లెటర్‌లో మాత్రం 'అనలిస్ట్' అని ఉంది. పాత లెటర్ ఫార్మాట్ వాడటం వల్ల ఇలా పడి ఉంటే సరిచేస్తే సరిపోతుంది. గ్రేడ్‌నే మార్చి ఉంటే దానికి కారణం తెలుసుకోవాలనుకుంటున్నాను. ఇకపై ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు ఆ గ్రేడ్ నుంచే లెక్కిస్తారు. సీనియర్ బాధ్యతలు మోస్తూ కాగితం మీద అనలిస్ట్‌గా ఉండటం నాకే కాదు, నా దగ్గర పనిచేసే ఆ ఇద్దరికీ ఇబ్బందే.

మంగళవారం కాల్ అయ్యాక అదే సాయంత్రం ఈ వివరాలన్నీ రాసి మీకు మెయిల్ పంపాను, మీరు 'సరే' అని జవాబిచ్చారు. మీకు వెతుక్కునే పని లేకుండా దాన్ని ఈ మెయిల్ కిందే జతచేశాను. తప్పు పట్టాలని కాదు మేడమ్, అప్రూవల్‌కు పంపేటప్పుడు మీకు పనికొస్తుందని.

ఫిక్స్‌డ్ 14.40 లక్షలు, హోదా సీనియర్ అనలిస్ట్‌గా సవరించిన లెటర్ పంపగలిగితే, అందిన రోజే సంతకం చేసి పంపిస్తాను. మీ పాలసీ ప్రకారం వేరియబుల్ తప్పనిసరి అయితే, మొదటి ఏడాది ఆ 1.80 లక్షలు ఫలితాలతో సంబంధం లేకుండా పూర్తిగా చెల్లిస్తామని లెటర్‌లోనే రాస్తే నాకు సమ్మతమే. హోదా విషయంలో మాత్రం నేను సర్దుకోలేను. ఆ పోస్ట్ కోసమే ఈ ఉద్యోగానికి అప్లై చేశాను.

ఫోన్‌లో చెప్పినా సంతోషమే, కానీ మారిన వివరాలు లెటర్‌లో కూడా ఉండాలి. ఇక్కడ నా నోటీస్ పీరియడ్ 60 రోజులు. సవరించిన లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వగలను కాబట్టి, ఇది ఆలస్యమైతే నా జాయినింగ్ తేదీ కూడా అంతే వెనక్కి జరుగుతుంది. ఆఫర్ అంగీకరించడానికి సోమవారం వరకే గడువు ఉంది. మీ వైపు అప్రూవల్స్‌కు టైమ్ పడుతుందని తెలుసు, అందుకే దాన్ని శుక్రవారం దాకా పొడిగించమని కోరుతున్నాను. పొడిగించినట్టు ఒక్క లైన్ మెయిల్ పెట్టినా చాలు.

లెటర్‌లో ప్రొబేషన్, సెలవులు, ఇన్సూరెన్స్ అన్నీ మనం అనుకున్నట్టే ఉన్నాయి, వాటి గురించి నాకు ప్రశ్నలు లేవు.

మాట్లాడితే త్వరగా తేలుతుందనుకుంటే రేపు సాయంత్రం 5 తర్వాత ఎప్పుడైనా కాల్ చేయండి. మేనేజర్ గారు కూడా లైన్‌లో ఉంటే ఇంకా మంచిది, జూనియర్ల సంగతి చెప్పింది ఆయనే కాబట్టి.

ధన్యవాదాలతో,
సుజాత

జత: ఆఫర్ లెటర్ కాపీ, మంగళవారం నాటి మెయిల్