విషయం: మూడో అధ్యాయం ఆలస్యం, ఫ్లోరైడ్ రీడింగ్‌ల పరిస్థితి

నమస్కారం మేడమ్,

ఈ నెలాఖరుకు ఇస్తానన్న మూడో అధ్యాయం సిద్ధం కాలేదు. నల్గొండ బోరు నీళ్లలో వానలకు ముందు తీసిన శాంపిళ్ల రీడింగ్‌లు పూర్తయ్యాయి. వానల తర్వాతవి సగం కూడా కాలేదు. ఎలక్ట్రోడ్ స్లోప్ 59 మిల్లీవోల్టుల దగ్గర ఉండాల్సింది 48కి పడిపోయింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితికి అటూ ఇటూగా ఉన్న ఊళ్ల విషయంలో ఆ అంకెలను నమ్మలేక పక్కన పెట్టాను.

అయితే ఆలస్యమంతా ఎలక్ట్రోడ్ మీదకు నెట్టలేను. దానితో పనిలేని సాహిత్య సమీక్ష కూడా నత్తనడకే. చదివింది ఎక్కువ, రాసింది తక్కువ.

రాసిన నాలుగు పేజీలు, స్టాండర్డ్‌ల షీట్ జత చేశాను. మిగతావి స్పాడ్న్స్ పద్ధతిలో చేయమంటారా, రెండు సీజన్లకూ ఒకే పద్ధతి ఉండేలా కొత్త ఎలక్ట్రోడ్ వచ్చేదాకా ఆగమంటారా? బుధవారం మీకు వీలుంటే పది నిమిషాలు వచ్చి కలుస్తాను.

మీ విద్యార్థిని,
స్రవంతి