వడ్రంగికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ 22 పేజీలు చదవండి

ఆరేళ్ల కిందట విజయనగరం కంటోన్మెంట్‌లో నా మొదటి కిచెన్ చేశాను. రెండో వానాకాలానికే ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేశారు: "ఇదేటమ్మా, సింకు కింద చెక్క పూరీలాగ పొంగిపోనాది!"

వెళ్లి చూస్తే తప్పు నాదే. నీళ్లు తగిలే చోట మామూలు ప్లైవుడ్ వేయించాను. నా డబ్బుతోనే మార్చాను. ఆ రోజు నుంచి ప్రతి పనిలో రాసుకున్న నోట్సే ఇప్పుడు ఈ గైడు. తెలుగులో ఉంది, ఉచితం.

లోపల ఏముందో ఒక ముక్క ఇక్కడే చెప్పేస్తాను. ప్లైవుడ్ షీటు మీద ముద్ర చూడండి. సింకు కింద, బాత్రూమ్ గోడకి ఆనుకున్న బీరువాకి ఐఎస్ 710 ఉండాలి. 72 గంటలు మరిగే నీళ్లలో పెట్టినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. హాల్లో టీవీ యూనిట్‌కి అంత ఖర్చు దండగ, ఐఎస్ 303 చాలు. షాపువాళ్లు "అన్నీ వాటర్‌ప్రూఫే సార్" అంటారు. ముద్ర చూపించమనండి, మాట మారుతుంది.

ఇంకొకటి, డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ అనుకోండి. ఒకాయన చదరపు అడుగుకి 1,400 అన్నాడు, ముందు భాగమే కొలుస్తాడు: 42 అడుగులు, 58,800 రూపాయలు. ఇంకొకాయన 1,100 అన్నాడు. చవకే కదా అని ఒప్పుకుంటే, 2 అడుగుల లోతున్న రెండు పక్కలూ కలిపి 70 అడుగులు కొలిచి 77,000 బిల్లు చేతిలో పెడతాడు. రేటు కాదు, కొలత ఎలాగో ముందు అడగాలి. అలా అడగాల్సిన 17 ప్రశ్నలు గైడులో ఉన్నాయి. ప్రింటు తీసి వడ్రంగి ముందు పెట్టుకుని అడిగేయొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

చెమ్మ గోడకి ఎంత ఖాళీ వదలాలి, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఎలాంటి కీళ్లు తుప్పు పట్టవు, ప్లాస్టరింగ్‌కి ముందే ఫ్రిజ్, చిమ్నీ పాయింట్లు ఎక్కడ గుర్తు పెట్టించాలి, ఇవన్నీ ఫొటోలతో ఉన్నాయి. రంగుల గురించి మాత్రం ఒకటే పేజీ. అది మీ ఇష్టం, నా పెత్తనం దేనికి.

గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని పని సగంలో ఉన్నవాళ్లు నేరుగా 14వ పేజీకి వెళ్లిపోండి.

కింద "గైడు కావాలి" నొక్కి మీ పేరు, వాట్సాప్ నంబరు, ఊరు ఇవ్వండి. పీడీఎఫ్ వెంటనే వస్తుంది. ఆ తర్వాత నెలకి రెండు మెసేజ్‌లు పంపిస్తాను, శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో జరుగుతున్న పనుల ఫొటోలు. విసుగొస్తే "వద్దు" అని పెట్టండి, ఆపేస్తాను. మీ నంబరు ఏ ప్లైవుడ్ షాపుకీ ఇవ్వను.

నాతోనే పని చేయించాలని ఏమీ లేదు. మీ వీధి వడ్రంగితో చేయించుకున్నా ఈ ప్రశ్నలు పనికొస్తాయి. నేను వచ్చి చూడాలనుకుంటే, ఇంటి ప్లాన్ ఫొటో మీకు గైడు వచ్చిన నంబరుకే పంపండి.