పిల్లలను ఇంటికి పంపే వేళలు, తీసుకెళ్లేవారి గురించి తల్లిదండ్రులకు మనవి

తేదీ: జూన్ 17, 2026
తార్నాక, హైదరాబాద్

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్ 22, సోమవారం నుంచి మన బడి వదిలే వేళలు మారుతున్నాయి. ఇప్పటిదాకా అన్ని తరగతులనూ 3:30కి ఒకే గేటు నుంచి పంపిస్తున్నాం. ఆటోలు, వ్యాన్లు, స్కూటర్లు అన్నీ ఒకేసారి గేటు ముందుకు చేరడంతో ఆయమ్మలకు కార్డు చూసి, ముఖం చూసి పిల్లలను అప్పగించే వీలు ఉండడం లేదు. వాన పడితే ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే ఇకపై మూడు విడతలుగా పంపిస్తాం.

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ: 2:45, పక్క సందులోని చిన్న గేటు
1 నుంచి 5వ తరగతి: 3:10, మెయిన్ గేటు
6 నుంచి 10వ తరగతి: 3:40, మెయిన్ గేటు

శనివారం ఎప్పటిలాగే అందరికీ 12:30. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు వేర్వేరు విడతల్లో ఉంటే రెండుసార్లు రానక్కర్లేదు. ఈ నోటీసుతో వచ్చిన ఫారంలో దానికి సంబంధించిన గడిలో టిక్ పెడితే చిన్నవాళ్లను 3:40 వరకు లైబ్రరీలో టీచర్ దగ్గర కూర్చోబెడతాం. అయితే 5వ తరగతి వరకు ఉన్న పిల్లలను పై తరగతి అక్కతోనో అన్నతోనో మాత్రమే పంపించం. తీసుకెళ్లేవారికి 18 ఏళ్లు నిండి ఉండాలి.

ఒక్కో విద్యార్థికి మీతో కలిపి నలుగురి పేర్లు రాయవచ్చు. తాతయ్య, అమ్మమ్మ, బాబాయి, పనిమనిషి, ఆటో డ్రైవర్, ఎవరైనా సరే. అదే ఫారంలో వారి పేర్లు, ఫోన్ నంబర్లు రాసి, ఒక్కొక్కరివి రెండేసి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు జతచేసి జూన్ 19, శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సిన పనిలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ఏదైనా ఫొటో గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, మా దగ్గర కాపీ ఉంచుకోం. శనివారం సాయంత్రం లోపు రెండు పికప్ కార్డులు మీకు అందుతాయి. వాటిలో ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కార్డు పోతే వెంటనే ఆఫీసుకు చెప్పండి, పాత నంబర్ రద్దు చేసి కొత్తది ఇస్తాం. దొరికిన కార్డుతో ఎవరైనా రావచ్చు కాబట్టే కార్డుతోపాటు రిజిస్టర్‌లోని ఫొటో కూడా చూస్తాం.

ఆటోల విషయంలో ఒక మాట. డ్రైవర్‌కు వీలుకాని రోజు తమ్ముడినో స్నేహితుడినో పంపడం మామూలే. ఆ కొత్త వ్యక్తి పేరు మా దగ్గర లేకపోతే పిల్లలను ఎక్కించం. "ఆ అంకుల్ నాకు తెలుసు" అని పిల్లలు చెప్పినా సరే. దయచేసి ఈ విషయం మీ డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచండి.

అనుకోకుండా వేరేవారిని పంపాల్సి వస్తే మధ్యాహ్నం 1:30 లోపు ఆఫీసుకు ఫోన్ చేసి వారి పేరు, మీకు ఏమవుతారో చెప్పండి. మేం రిజిస్టర్‌లోని మీ నంబర్‌కు తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకుంటాం. వాట్సాప్ మెసేజ్ మీద మాత్రం పంపించం. మీ ఫోన్ ఎవరి చేతిలో ఉందో మాకు తెలియదు, పైగా క్లాసులో ఉన్న టీచర్ మెసేజ్ చూసుకోకపోవచ్చు. వచ్చేవారు ఫొటో గుర్తింపు కార్డు చూపించి సంతకం చేయాలి. దీనికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టమని కోరుతున్నాం.

తల్లిదండ్రులు విడిగా ఉంటున్న ఇళ్లలో, ఒకరు చెప్పినంత మాత్రాన రెండోవారిని మేం ఆపలేం. కోర్టు ఉత్తర్వు ఉంటే దాని కాపీ నేరుగా ప్రధానోపాధ్యాయురాలికి ఇవ్వండి. అది ఆమె దగ్గరే ఉంటుంది. క్లాసులో ఎవరికీ తెలియనివ్వం. గేటు దగ్గర ఎవరికి అప్పగించకూడదో మాత్రమే సిబ్బందికి చెబుతాం.

6వ తరగతి, ఆపైవారు నడిచిగానీ, సైకిల్ మీదగానీ, బస్సులోగానీ ఒంటరిగా వెళ్లేటట్లయితే మీ సంతకంతో అనుమతి పత్రం కావాలి. డైరీలో రాసింది సరిపోదు, ఫారం వెనక వైపున్న పత్రమే నింపండి.

ట్రాఫిక్‌లో ఆలస్యమైతే కంగారు పడి బండి వేగంగా నడపకండి. పదిహేను నిమిషాలు గేటు లోపలి వరండాలో, ఆ తర్వాత ఆఫీసు గదిలో ఒక టీచర్, ఒక ఆయమ్మ పిల్లల దగ్గర ఉంటారు. మంచినీళ్లు, బిస్కెట్లు ఇస్తాం. దీనికి ఎలాంటి ఫైన్ లేదు. ఒక్క ఫోన్ చేస్తే ఆ సంగతి పిల్లలకు చెప్పగలుగుతాం, వాళ్లు బెంగపడకుండా ఉంటారు. 4:30 దాటినా కబురు లేకపోతే ఫారంలోని మిగతా నంబర్లకు వరుసగా ఫోన్ చేస్తాం. అందుకే ఆ నంబర్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయో లేదో చూసి రాయండి.

భారీ వాన కురిస్తే పిల్లలు తరగతుల్లోనే ఉంటారు. మీరు గొడుగుతో లోపలికి రావచ్చు, కార్డు మెట్ల దగ్గర చూస్తాం.

సందేహాలుంటే డైరీ మొదటి పేజీలోని ఆఫీసు నంబర్‌కు ఉదయం 9 నుంచి సాయంత్రం 4:30 వరకు ఫోన్ చేయండి. ఫారం నింపడం ఇబ్బందైతే వచ్చి చెప్పండి, గుమాస్తాగారు రాసిపెడతారు.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు