పేరు మార్చినా అతికే వ్యాసం

తమ్మీ,

నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మన కాలేజీ పాత విద్యార్థుల సంచికలో వెయ్యాలనే ఉంది, కానీ ఇప్పుడున్నట్టుగా కాదు. మొహమాటం లేకుండా రాస్తున్నా, కోపం తెచ్చుకోకు.

ముందు ఒక తుంటరి పని చేశాను. వ్యాసంలో 'ఛాయా సోమేశ్వరాలయం', 'పానగల్లు' అని ఉన్నచోటల్లా 'పిల్లలమర్రి' అని మార్చి మీ బావ చేతిలో పెట్టాను. మొదటి పేజీ చదివి, "బాగానే ఉంది. ఇంతకీ ఏ పిల్లలమర్రి? మహబూబ్‌నగర్ చెట్టా, సూర్యాపేట దగ్గరి గుళ్ళా?" అన్నాడు. ఒకటి వందల ఏళ్ళ మర్రిచెట్టు, ఇంకొకటి కాకతీయుల నాటి ఆలయాలు. "ప్రకృతి ఒడిలో, గత వైభవానికి మౌనసాక్షిగా నిలిచిన అద్భుతం" అన్న నీ మొదటి వాక్యం చెట్టుకూ సరిపోయింది, గుళ్ళకూ సరిపోయింది. మొత్తం ముప్పై ఒక్క వాక్యాల్లో ఇలాంటివి పంతొమ్మిది దొరికాయి. పెన్సిల్‌తో సున్నా చుట్టాను. వాటిని దిద్దాలని చూడకు, కొట్టెయ్.

"మాటల్లో వర్ణించలేని అనుభూతి" కూడా వాటిలో ఒకటి. వర్ణించలేకపోతే వ్యాసం ఎందుకు రాశావురా?

ఒక్కటి మాత్రం కొట్టేసి ఊరుకోలేకపోయాను. "ఇక్కడి బావి నీళ్ళు అమృతంలా ఉంటాయి" అని రాశావు. నల్లగొండ జిల్లాలో పుట్టి ఆ మాట ఎలా రాశావు? మర్రిగూడ, మునుగోడు వైపు బావి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతమంది ఎముకల్ని వంచేసిందో మనకు ఎవరో చెప్పాలా? కృష్ణ నీళ్ళు ఎత్తిపోస్తే గాని తాగడానికి గతి లేని ఊళ్ళు మనవి. ఆ నీళ్ళు నిలిపే ఉదయసముద్రం చెరువు ఆ గుడికి దగ్గర్లోనే ఉంది. ఎక్కడో చదివిన మాట అలవాటుగా చేతికి వస్తే ఇలాగే అబద్ధం కూడా రాసేస్తాం. నువ్వు ఆ బావి నీళ్ళు తాగలేదని నాకు తెలుసు, నీ చేతిలో బిస్లెరీ సీసా ఉన్న ఫొటో నువ్వే పంపావు.

ఇక గర్భగుడిలో శివలింగం వెనక రోజంతా కదలకుండా ఉండే నీడ సంగతి. జనం అంత దూరం వచ్చేదే దానికోసం, నువ్వేమో రెండు వాక్యాల్లో తేల్చేశావు. అందులో రెండోది: "ఈ రహస్యం నేటికీ శాస్త్రవేత్తలకు అంతుచిక్కలేదు." నీడ, ధ్వని, వేలాడే స్తంభం, ఏది ఉన్న గుడి గురించైనా ఇదే మాట రాస్తారు. ఇక్కడ అంతుచిక్కనిదేమీ లేదు. మూడు గర్భగుళ్ళూ ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. లోపల పడేది నేరుగా వచ్చే ఎండ కాదు, పక్కల నుంచి స్తంభాల మధ్యగా చెదిరి వచ్చే వెలుతురు. అందుకే సూర్యుడు ఎటు కదిలినా శివలింగం వెనక ఆ నిలువు నీడ జరగదు. ఈ అమరికను ఆలోచించి కట్టినవాళ్ళ తెలివి గొప్పది. దాన్ని మహిమ అనో మిస్టరీ అనో దాటేస్తే వాళ్ళకు దక్కాల్సిన మెచ్చుకోలు కూడా దక్కకుండా పోతుంది.

అసలు ఆ నీడ నువ్వు ఎలా చూశావు? వెళ్ళగానే కనిపించిందా, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగావా? నేను వెళ్ళినప్పుడు గడప దగ్గర పదిమంది మూగితే ఏమీ తెలియలేదు. పూజారి అందరినీ పక్కకు జరగమన్నాక పల్చగా ఒక గీత తేలింది. మా పక్కనున్న పెద్దాయన తన నీడే అనుకుని చెయ్యి ఊపి చూశాడు, అది ఊగలేదు. అలాంటిది నీకూ ఒకటి జరిగే ఉంటుంది. అది రాయి. ఒక పేజీ పట్టినా పర్వాలేదు.

పేరు దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. నువ్వు సగం వ్యాసంలో 'పానగల్లు సోమేశ్వరాలయం' అని రాసుకుంటూ పోయావు. పానగల్లులో సోమేశ్వరాలయాలు రెండు. ఛాయా సోమేశ్వరం పొలాల మధ్య ఉంటుంది, పచ్చల సోమేశ్వరం ఊళ్ళో, పురావస్తు శాఖ మ్యూజియం పక్కన. రామాయణ, భారత ఘట్టాలు చెక్కిన గోడలని నువ్వు రాసినవి పచ్చల సోమేశ్వరానివి. వాటిని తెచ్చి ఛాయా సోమేశ్వరానికి అతికించావు. ఫొటోలు చూసి రాస్తూ కలిపేసి ఉంటావు. చదివినవాడు ఆటో ఎక్కి "సోమేశ్వర గుడికి పో" అంటే డ్రైవర్ "ఛాయనా, పచ్చలనా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నీ వ్యాసంలో జవాబు ఉండాలి.

"ఎందరో రాజులు పాలించిన నేల" అన్నది కూడా తీసెయ్. పాలించింది కందూరు చోళులు, పానగల్లు వాళ్ళ రాజధాని. చెరువు పేరులోనే ఉదయన చోళుడు ఉన్నాడు. ఒక్క పేరు చెబితే చాలు, ఎందరో అక్కర్లేదు.

"హైదరాబాద్ నుంచి సులభంగా చేరుకోవచ్చు" అన్నావు. ఎవరికి సులభం? కారున్నవాడికి విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు తిరగాలని చెప్పాలి. బస్సులో వచ్చేవాడు నల్లగొండ బస్టాండులో దిగి ఏం చెయ్యాలో చెప్పాలి. గుడి అక్కడికి నాలుగు కిలోమీటర్లే, కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరుకుతుందా? రైలంటే గుంటూరు లైను, నల్లగొండ స్టేషన్. నువ్వు ఎలా వెళ్ళావో, ఎంత ఇచ్చావో అదే రాయి. మధ్యాహ్నం గుడి మూస్తారా, మ్యూజియానికి ఏ రోజు సెలవు అన్నది బోర్డు మీద ఉంటుంది, ఫొటో తీశావా? తియ్యకపోతే మళ్ళీ వెళ్ళిరా, గంట పని. చెప్పులు విప్పాక రాతి మీద మే నెల మధ్యాహ్నం నడవాలంటే ఎలా ఉంటుందో కూడా ఒక ముక్క పెట్టు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకెళ్ళేవాళ్ళకు నీ 'ఆధ్యాత్మిక ప్రశాంతత' కన్నా అదే అవసరం.

"నోరూరించే స్థానిక రుచులు" అంటే ఏంటో చెప్పు, లేకపోతే తీసెయ్. గుడి దగ్గర నాకైతే కొబ్బరికాయల బండి ఒక్కటే కనిపించింది.

ఇప్పుడు బాగున్నది. ఏడో పేరాలో, ఎవరూ చూడని మూలన పెట్టినట్టు, "ఉదయసముద్రం అలుగు పోస్తోందని తెలిస్తే మా తాత పని వదిలేసి సైకిల్ మీద వచ్చేవాడట, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఒకసారి తెచ్చాడు, నాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ గుర్తులేదు" అని రాశావు. ఇక్కడ పిల్లలమర్రి అని పెట్టి చూశాను, పడలేదు. మీ బావ కూడా "ఇదేంటి, చెరువెక్కడిది?" అని ఆగిపోయాడు. వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు. తాత సైకిల్ ఏ దారిన వచ్చేదో అత్తమ్మను అడుగు, ఆ దారినే చదివేవాణ్ణి గుడిదాకా తీసుకెళ్ళు.

రెండు పేజీలు చాలు, మూడు వద్దు. ఫొటోల్లో నీ సెల్ఫీ కాకుండా మండపం లోపలి స్తంభాలు కనబడేది ఒకటి పంపు. వచ్చే గురువారం రాత్రికల్లా నాకు అందాలి, శుక్రవారం ప్రెస్సుకు ఇవ్వాలి. సున్నాలు చుట్టిన కాగితం మీ ఇంటికి వచ్చే కూరగాయల సంచిలో పెట్టి పంపుతున్నా, అత్తమ్మ చెత్తలో వెయ్యకముందే తీసుకో.

అక్క